పురుగుల క్విజ్ పెట్టబోయే మాధవికి

చి.సౌ. మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. శనివారం రాత్రి భోజనాలయ్యాక పిల్లలతో, మీ అత్తమామలతో కలిసి పురుగుల మీద క్విజ్ ఆడదామనుకుంటున్నానని, ప్రశ్నలు పంపమని అడిగావు. కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని కాబట్టి ప్రశ్నలకు కొదవ లేదు. కానీ పది పన్నెండుకు మించితే మీ చిన్నది సోఫాలోనే నిద్రపోతుంది. కొన్ని రాస్తున్నాను, మిగతావి నువ్వే కట్టుకో.

ముందు పొడుపు కథలు పెట్టు. వాటికి ఒకటే నియమం: జవాబు ఒక్కటే కుదరాలి. "రాత్రి పాడుతుంది, కంటికి కనపడదు" అన్నావనుకో, ఒకరు దోమ అంటారు, ఒకరు కీచురాయి అంటారు. ఇద్దరిదీ తప్పని చెప్పలేవు, ఆట అక్కడే ఆగిపోతుంది. అందుకే చివరి మాట మిగతా పురుగులన్నిటినీ పక్కకు తోసేయాలి. దోమకైతే ఇలా అడుగు:

"పిలవని పేరంటానికి పాడుకుంటూ వస్తుంది. బొట్టు పెట్టించుకోదు, బొట్టు పట్టుకుపోతుంది."

పేరంటం అన్న మాట ఊరికే పెట్టలేదు. దోమల్లో కుట్టేది ఆడదే. గుడ్లు తయారవ్వడానికి దానికి రక్తంలోని ప్రొటీన్ కావాలి. మగది పూల తేనె తాగి బతికేస్తుంది. జవాబు వచ్చిన వెంటనే "మగ దోమ కూడా కుడుతుంది, నిజమా అబద్ధమా" అని అడిగితే, కథను జాగ్రత్తగా విన్నవాళ్ళకు మార్కు దొరుకుతుంది.

ఇంకో రెండు. "వత్తి లేదు, నూనె లేదు, పట్టుకుంటే వేలు కాలదు." మిణుగురు. దాని వెలుగులో వేడి దాదాపు ఉండదు, అదే గుర్తు. "లడ్డు చుడుతుంది, పెడితే మనం తినం. తల కిందకి పెట్టి, వెనక్కి నడుస్తూ ఇంటికి దొర్లించుకుపోతుంది." ఇది పేడపురుగు. రెండో తరగతి పిల్లలకు ఇంతకు మించిన కథ లేదు, నవ్వి నవ్వి పడిపోతారు. జవాబు ఇంగ్లీషులో చెప్పినా మార్కు ఇచ్చెయ్యి. బెంగళూరులో పుట్టిన పిల్లలు, పేడపురుగు అనే మాట ఎక్కడ వింటారు? తెలుగులో చెబితే ఇంకో మార్కు కలుపు.

తర్వాత నిజమా అబద్ధమా. ఇక్కడ అందరూ ఒకేసారి బొటనవేలు పైకో కిందకో చూపించాలి. లేకపోతే చిన్నది అన్నయ్య మొహం చూసి జవాబు చెబుతుంది. ఇంకో సంగతి, వింతగా ఉన్నవన్నీ నిజమేనని పిల్లలు తొందరగా పసిగట్టేస్తారు. "పేడపురుగులు పాలపుంతను చూసి దారి పట్టుకుంటాయి" లాంటిది నిజమే. దక్షిణాఫ్రికాలో వాటి మీద పరీక్షలు చేసి చూశారు. చంద్రుడు లేని రాత్రి కూడా నక్షత్రాల పట్టీని ఆనవాలు పెట్టుకుని తిన్నగా పోతాయి. "కీచురాయికి చెవులు ముందు కాళ్ళలో ఉంటాయి", అదీ నిజమే. ఇలాంటివి రెండు పెట్టి, మధ్యలో మామూలుగా వినిపించే అబద్ధాలు దూర్చు. "పేలు ఒక తల మీంచి ఇంకో తల మీదికి గెంతుతాయి." అబద్ధం. వాటికి రెక్కలూ లేవు, గెంతే కాళ్ళూ లేవు. తలా తలా ఆనినప్పుడు పాకుతాయి, అంతే.

మీ మామగారి కోసం ఒకటి ఉంది. "పొలాల్లో కనపడే పెద్ద మట్టి పుట్టలు పెట్టేది చీమలే." ఆయన వెంటనే "చీమలు పెట్టిన పుట్టలు పాములకు ఇరవైనట్టు" అని సామెత చెప్పి బొటనవేలు పైకి ఎత్తుతారు. కానీ ఆ పుట్టలు పెట్టేది చెదపురుగులు. చెదలకు దగ్గర చుట్టం చీమ కాదు, బొద్దింక. ఈ రెండో ముక్క ఆయనకు నువ్వు చెప్పకు, మనవడితో చెప్పించు.

ఇక గొడవ వచ్చే ప్రశ్న ఒకటి చూపిస్తాను. "ఆరుద్ర పురుగు కీటకమే." తొలకరి వానలకు ఎర్ర మఖమలు గుడ్డ చుట్టుకున్నట్టు నేల మీద తిరుగుతుందే, అదే. ఇలాగే అడిగితే మీ అత్తగారు "పురుగు కాకపోతే మరేమిటే" అంటారు, ఆవిడ తప్పూ కాదు. అందుకని ఆట మొదట్లోనే చెప్పెయ్యి: ఆరు కాళ్ళుంటేనే కీటకం, సాలీడు, తేలు, జెర్రి ఆ లెక్కలోకి రావు. అప్పుడు "ఆరుద్ర పురుగుకు ఆరు కాళ్ళు" అని అడగొచ్చు. జవాబు అబద్ధం, దానికి ఎనిమిది. అది సాలీడు వైపు చుట్టం. అయినా ఇంకా ఒక చిక్కు ఉంది. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఆరే కాళ్ళుంటాయి, వేరే పురుగులను అంటిపెట్టుకుని పెరిగి, తర్వాత ఎనిమిది కాళ్ళదవుతుంది. మీ పెద్దవాడు ఫోనులో వెతికి ఇదే పట్టుకొస్తాడు. కాబట్టి "ఎదిగిన ఆరుద్ర పురుగుకు ఆరు కాళ్ళు" అని రాసుకో. ఒక్క మాటతో పేచీ పోతుంది.

మలేరియా ప్రశ్న కూడా అంతే. "మలేరియా దోమ వల్ల వస్తుందని సికింద్రాబాదులో రుజువైంది" అనకు, మొత్తం రుజువు ఒక్క చోట అవ్వలేదు. "మలేరియా క్రిమిని దోమ కడుపులో మొదట చూసింది సికింద్రాబాదులో" అను. నిజం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ చూశాడు. ఆయన అంతకుముందు 1883లో మీ బెంగళూరులోనే సైనిక వైద్యుడిగా పనిచేశాడు. నిలవ నీళ్ళను అదుపులో పెడితే దోమలు తగ్గుతాయని అప్పుడే గమనించాడు. ఇది చెప్పాక, బాల్కనీలో తులసి కుండీ కింద ప్లేటు ఎవరు ఖాళీ చేస్తారో అడుగు. దానికి మార్కులు లేవు.

చివర్లో ఇద్దరికీ సమానంగా వస్తే పట్టుపురుగుతో తేల్చు. "ఒకే ఆకు మేస్తాను, ఒకే దారం తీస్తాను, తలుపు లేని ఇల్లు కట్టి లోపల పడుకుంటాను. నా ఇల్లు విప్పితే మీ అమ్మకు చీర." జవాబు చెప్పాక ఒక గూట్లో దారం ఎంత పొడవు ఉంటుందో ఊహించమను, దగ్గరగా చెప్పినవాళ్ళే గెలిచినట్టు. మామూలు గూడైతే కొన్ని వందల మీటర్లు, మేలు రకానిదైతే కిలోమీటరు దాకా వస్తుంది. మీ మామగారు హిందూపురం నుంచి వచ్చేటప్పుడు నాలుగు పట్టుగూళ్ళు తెమ్మను, అక్కడ వాటికి మార్కెట్టే ఉంది. మరిగే నీళ్ళలో కొన్ని నిమిషాలు ఉంచితే దారాన్ని అంటించిన జిగురు మెత్తబడుతుంది. పాత టూత్‌బ్రష్షుతో పైన మెల్లగా రాస్తే ముందు పీచు పీచుగా ఊడుతుంది. దాన్ని లాగుతూ పోతే ఒక్క పోగు మిగులుతుంది. అది వెంట్రుక కన్నా సన్నం, వెనక నల్ల గుడ్డ పట్టుకుంటే తప్ప కనపడదు. పెద్దవాడి చేతికిచ్చి హాల్లోంచి లిఫ్టు దాకా నడవమను. గూడు మాత్రం నీళ్ళలోనే తిరుగుతూ ఉండాలి, బయటికి తీస్తే దారం తెగుతుంది. లోపల చచ్చిన పురుగు ఉంటుందని చిన్నదానికి ముందే చెప్పు, లేకపోతే ఏడుస్తుంది. వేడి నీళ్ళ పని నువ్వే చూసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ