అమ్మానాన్నల ఫోన్లకు ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా?

*ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. నేను, నా భార్య, అమ్మ, నాన్న. నలుగురివీ ప్రీపెయిడ్ నంబర్లే. నాన్నకు 71, అమ్మకు 66. ఇంట్లో వైఫై ఉంది, బయటికి వెళ్తే వాళ్లు నెట్ ముట్టుకోరు. అయినా ఇద్దరికీ 28 రోజులకోసారి 199 రూపాయలు వేస్తున్నా. మర్చిపోతే ఫోన్ ఆగిపోతుంది, ఇంట్లో టెన్షన్. షాపు అతను నలుగురికీ కలిపి ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ తీసుకోమంటున్నాడు. ఏది నయం? — ఒక పాఠకుడు*

అమ్మానాన్నలను ప్రీపెయిడ్‌లోనే ఉంచండి. కానీ 199 ప్లాన్ మానేసి, ఏడాదికి ఒక్కసారి వేసే కాల్స్ మాత్రమే ఉన్న ప్యాక్‌కు మార్చండి. మీ ఇద్దరి సంగతి వేరు, అది చివర్లో చెబుతాను.

ముందు 28 రోజుల లెక్క చూద్దాం. దాన్ని అందరం నెల అనే అనుకుంటాం. ఏడాదిని 28తో భాగిస్తే 13 వస్తుంది. అంటే మీరు ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు రీచార్జ్ చేస్తున్నారు. ఒక్కొక్కరికి 2,587 రూపాయలు, ఇద్దరికీ కలిపి 5,174. ఆ ప్లాన్‌లో వచ్చే డేటాకు కూడా ఇందులోనే డబ్బు కడుతున్నారు, వాళ్లు దాన్ని వాడటమే లేదు. పైగా గడువు తేదీ ప్రతిసారీ రెండు మూడు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి జీతం తేదీతోనో, కరెంటు బిల్లుతోనో కలిపి గుర్తుపెట్టుకోవడం కుదరదు. మర్చిపోవడం మీ తప్పు కాదు.

ఇలాంటి ఇళ్ల కోసమే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఒక నిబంధన తెచ్చింది. ప్రతి కంపెనీ డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ కనీసం ఒకటి ఇవ్వాలి. ఇలాంటి ప్యాక్‌ల గడువు అంతకుముందు 90 రోజులు మించకూడదు, దాన్ని 365 రోజులకు పెంచారు. 2025 జనవరిలో ఆ ప్యాక్‌లు వచ్చాయి. ఎయిర్‌టెల్‌లో 1,849 రూపాయలకు 365 రోజులు, అన్‌లిమిటెడ్ కాల్స్, 3,600 ఎస్సెమ్మెస్‌లు. జియోలో 1,748 రూపాయలకు 336 రోజులు. పైకి జియోది వంద తక్కువగా కనిపిస్తుంది. రోజుకు ఎంత పడుతుందో చూస్తే ఎయిర్‌టెల్‌ది 5 రూపాయల 7 పైసలు, జియోది 5 రూపాయల 20 పైసలు. ఏ ప్లాన్ చూసినా ధరను రోజులతో భాగించి చూడటం అలవాటు చేసుకోండి. ధరలు మారుతుంటాయి కనుక వేసేముందు యాప్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఈ ప్యాక్‌లు యాప్ తెరవగానే ఎదురుగా కనిపించకపోవచ్చు, కిందిదాకా వెతకాలి. షాపుల్లో కూడా అడిగితేనే చెబుతారు.

మీ అమ్మానాన్నలకు 1,849 చొప్పున వేస్తే ఇద్దరికీ ఏడాదికి 3,698 అవుతుంది. ఇప్పుడు పెడుతున్న దాని కంటే 1,476 రూపాయలు తక్కువ. అంతకంటే పెద్ద లాభం, ఏడాదిలో 13 సార్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కసారికి తగ్గడం.

ఇక షాపు అతను చెప్పిన ఫ్యామిలీ ప్లాన్. అతను ఏ కంపెనీది చెప్పాడో మీరు రాయలేదు కాబట్టి, అందరికీ తెలిసిన జియో ప్లాన్‌తో లెక్క వేస్తాను. 2024 జూలైలో ధరలు పెరిగాక మెయిన్ సిమ్‌కు నెలకు 449, అదనంగా చేర్చుకునే ఒక్కో సిమ్‌కు 150. నలుగురికీ 899. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది, పోస్ట్‌పెయిడ్ ధరకు 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుంది. కాబట్టి 899 కాస్తా బిల్లులో 1,061 అవుతుంది. ఏడాదికి సుమారు 12,730.

దీన్ని మొత్తం ప్రీపెయిడ్‌తో పోల్చండి. అమ్మానాన్నలకు 3,698. మీ ఇద్దరికీ రోజుకు 2 జీబీ లేదా అంతకు మించి ఇచ్చే 3,599 రూపాయల ఏడాది ప్లాన్ అనుకుంటే 7,198. మొత్తం 10,896. తేడా ఏడాదికి 1,834 రూపాయలు. నిజం చెప్పాలంటే ఇది మరీ పెద్ద తేడా కాదు. అమ్మ సిమ్ ఒక్కటే తీసుకుంటే ఇంకా తక్కువ. ఫ్యామిలీ ప్లాన్‌లో జీఎస్టీతో నెలకు 177, ఏడాది ప్యాక్‌లో నెలకు 154. కేవలం 23 రూపాయల కోసమైతే నేను ఇంత గట్టిగా చెప్పను.

నన్ను ఆపేది ఇంకొకటి. ఫ్యామిలీ ప్లాన్‌లో బిల్లు ఒకటే, కట్టేది ఒకరే. ఆ ఒక్కరి దగ్గర ఏదైనా తేడా వస్తే నలుగురి ఫోన్లూ ఒకేసారి ఇబ్బందిలో పడతాయి. నాకు ఇది అనుభవమే. కొన్నేళ్ల క్రితం మా అమ్మ నంబరును నా పోస్ట్‌పెయిడ్ బిల్లులో చేర్చాను. బ్యాంకు కొత్త కార్డు పంపింది, ఆటోపేలో పాత కార్డే ఉండిపోయింది. నేను ఊళ్లో లేను, గుర్తుచేసిన మెసేజ్‌లు ప్రకటనల మధ్య కొట్టుకుపోయాయి. మొదట ఆగింది అవుట్‌గోయింగ్. ఇన్‌కమింగ్ వస్తూనే ఉంది కాబట్టి నేను ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ మామూలుగానే మాట్లాడింది. తను ఎవరికి చేసినా కాల్ వెళ్లడం లేదని, సిగ్నల్ లేదేమో అనుకుని రెండు రోజులు ఊరుకుంది. ఆ రెండు రోజుల్లో తనకు ఒంట్లో బాగాలేకపోయి ఉంటే ఎవరికి ఫోన్ చేసేది? అది తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఆ నెలే తన నంబరును విడదీసి ప్రీపెయిడ్‌కు మార్చాను.

ఒకవేళ మీరు ఫ్యామిలీ ప్లాన్‌కే వెళ్లినా ఈ గుర్తు మనసులో పెట్టుకోండి. పెద్దవాళ్ల ఫోన్‌కు మీరు చేస్తే కలుస్తూ, వాళ్లు మాత్రం ఎవరికీ చేయలేకపోతుంటే ముందు బిల్లు చూడండి. తర్వాతే సిగ్నల్, ఫోన్ రిపేరు.

కాల్స్ మాత్రమే ఉన్న ప్యాక్‌కూ ఇబ్బందులు లేకపోలేదు. ఇంట్లో వైఫై ఉన్నంతసేపు వాట్సాప్ మామూలుగా నడుస్తుంది. గేటు దాటగానే ఆగిపోతుంది. కరెంటు పోయి రౌటర్ ఆగినా అంతే. కాబట్టి మీరు ఆఫీసు నుంచి మాట్లాడాలంటే వాట్సాప్ కాల్ కాకుండా మామూలు కాల్ చేయండి. నాన్న కూరగాయల బండి దగ్గర ఫోన్‌పే చేస్తారా అన్నది తప్పక అడగండి. దానికి నెట్ కావాలి. ఎప్పుడో ఒకసారైతే ఆ రోజుకు చిన్న డేటా ప్యాక్ వేస్తే సరిపోతుంది. వారానికి మూడు నాలుగు సార్లు చేస్తారంటే, లేదా ఆటో యాప్‌లో తనే బుక్ చేసుకుంటారంటే, ఈ ప్యాక్ ఆయనకు సరిపడదు. నెట్ ఉన్న ప్లానే ఉంచండి. బ్యాంకు ఓటీపీల గురించి బెంగ అక్కర్లేదు. అవి ఇన్‌కమింగ్ మెసేజ్‌లు, 3,600 లెక్కలోకి రావు.

మెయిన్ బ్యాలెన్స్‌లో డబ్బులుంటే ఇంకో జాగ్రత్త కావాలి. డేటా ప్యాక్ లేకుండా మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే ఆ డబ్బులు కట్ అయ్యే అవకాశం ఉంది. అమ్మ ఫోన్‌లో మొబైల్ డేటా బటన్ ఆఫ్ చేస్తే చాలు. చేయి తగిలి మళ్లీ ఆన్ అవుతుందేమో అనుకుంటే, ఆ ఫోన్ నుంచి 1925 నంబరుకు `STOP` అని మెసేజ్ పంపండి, కంపెనీయే డేటా ఆపేస్తుంది. మళ్లీ కావాలంటే అదే నంబరుకు `START` పంపాలి. డేటా ఆపితే కాల్స్ ఆగిపోతాయేమోనని పెద్దవాళ్లు భయపడతారు. ఆగవు.

ఏడాది ప్యాక్‌లో అసలు ప్రమాదం, సంవత్సరం తర్వాత ఆ తేదీని పూర్తిగా మర్చిపోవడం. కొందరు పండగతో ముడిపెడతారు. ఉగాదితో మాత్రం వద్దు. 2026లో ఉగాది మార్చి 19న, 2027లో ఏప్రిల్ 7న. మధ్యలో 384 రోజులు. ప్యాక్ 365 రోజులకే అయిపోతుంది కాబట్టి 19 రోజులు ఫోన్ ఆగిపోతుంది. సంక్రాంతి అయితే జనవరి 14, 15 తేదీల్లోనే వస్తుంది కనుక ప్యాక్ గడువు జనవరి 20 ప్రాంతంలో పడేలా చూసుకుని, ప్రతి ఏటా భోగికి ముందు రీచార్జ్ చేయండి. ముందే వేస్తే మిగిలిన రోజులు మామూలుగా పోవు, పాతది అయిపోయాక కొత్తది మొదలవుతుంది. అయినా డబ్బు కట్టేముందు యాప్‌లో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. జియో ప్యాక్ అయితే 336 రోజులే కాబట్టి ఈ పండగ లెక్క పనిచేయదు, ఫోన్ క్యాలెండర్‌లో తేదీ పెట్టుకోవాల్సిందే.

మీ ఇద్దరి విషయం త్వరగా చెప్పేస్తాను. పైన చెప్పిన జియో లెక్కలోనే మీ ఇద్దరికీ పోస్ట్‌పెయిడ్ అయితే జీఎస్టీతో ఏడాదికి సుమారు 8,482, ప్రీపెయిడ్ ఏడాది ప్లాన్లు అయితే 7,198. ప్రీపెయిడే చవక. కానీ మీ ఆఫీసు ఫోన్ బిల్లు తిరిగి ఇస్తుంటే పోస్ట్‌పెయిడ్ తీసుకోండి, నెలనెలా మీ పేరుతో బిల్లు వస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్ నడిపే రోజులు ఎక్కువున్నా పోస్ట్‌పెయిడ్ నయం, రోజువారీ పరిమితి ఉండదు. ఇద్దరే అయితే బిల్లు ఆలస్యమైనా అమ్మానాన్నల ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

అదే కంపెనీలో ప్రీపెయిడ్ నుంచి పోస్ట్‌పెయిడ్‌కు ఓటీపీతో మారవచ్చు. నచ్చకపోతే వెనక్కి రావడానికి ఇంతకుముందు 90 రోజులు ఆగాల్సి వచ్చేది, 2025 జూన్ నుంచి మొదటిసారికి 30 రోజులు చాలు. కంపెనీయే మారాలంటే `PORT` అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి మీ పది అంకెల నంబరు రాసి 1900కు పంపాలి. వచ్చే కోడ్ మన దగ్గర నాలుగు రోజులే చెల్లుతుంది. పోస్ట్‌పెయిడ్ నుంచి వెళ్లేవాళ్లు బిల్లు బాకీ ఉంచితే పోర్టింగ్ తిరస్కరిస్తారు. ప్రీపెయిడ్ అయితే మిగిలిన బ్యాలెన్స్, రోజులు పోతాయి కనుక గడువు చివరి వారంలో మారండి.

అమ్మానాన్నల నంబర్లకు పోర్టింగ్ ఏమీ అక్కర్లేదు. ఇప్పుడున్న 199 ప్యాక్ గడువు ఎప్పటిదాకా ఉందో యాప్‌లో చూసి, దానికి ఒకరోజు ముందు ఏడాది ప్యాక్ వేయండి. కంపెనీ పంపే మెసేజ్‌లో 365 రోజులు అని ఉందో లేదో అప్పుడే చదవండి. షాపులో వేయిస్తే ఆ మెసేజ్ వచ్చేదాకా అక్కడే ఉండండి.