ఇంటర్వ్యూ అయిన రోజే థాంక్స్ మెయిల్: చెప్పిందే చెప్పకుండా ఏం రాయాలి?

ప్రశ్న: ఈరోజు మధ్యాహ్నం సీనియర్ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి ఇంటర్వ్యూ అయింది. బాగానే జరిగింది. సాయంత్రంలోగా థాంక్స్ మెయిల్ పెడదామనుకుంటున్నా. కానీ నా అనుభవం, టాలీ, జీఎస్టీ అన్నీ లోపలే చెప్పేశాను. మళ్లీ అవే రాస్తే విసుక్కోరా?

జవాబు:

అవే రాస్తే విసుక్కుంటారు. నేనూ అకౌంట్స్‌లోనే పనిచేస్తున్నాను. కొన్నేళ్లుగా మా టీములోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు ప్రశ్నలడిగే వైపు కూర్చుంటున్నాను. వచ్చే థాంక్స్ మెయిళ్లలో చాలావాటికి కింద పేరు తీసేస్తే ఎవరు రాశారో చెప్పలేను. "నా ఆరేళ్ల అనుభవం మీ సంస్థకు ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను" అని ఉంటుంది. ఆ ఆరేళ్ల సంగతి రెజ్యూమే మొదటి లైనులోనే చదివేశాం కదా!

మెయిల్‌కి కావల్సిన సరుకు వాళ్లు మాట్లాడిన మాటల్లో ఉంటుంది. ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగారు, వాళ్ల ఆఫీసు తలనొప్పి ఏదైనా నోరుజారి చెప్పారా, మీరు సగంలో వదిలేసిన జవాబేది? గుర్తుండగానే ఫోన్‌లో రాసి పెట్టుకోండి. రాత్రికి అన్నీ కలగాపులగమైపోతాయి.

ఇప్పుడున్న ఉద్యోగానికి నేను ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మేనేజర్ గారు మాటల మధ్యలో "ప్రతి నెలా 14 నుంచి 20 దాకా మాకు నిద్ర ఉండదండీ" అన్నారు. జీఎస్టీ పని చేసేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. వెండర్లు తమ జీఎస్టీఆర్-1 రిటర్నులో ఎక్కించిన బిల్లుల జాబితా, అంటే జీఎస్టీఆర్-2బీ, 14న వస్తుంది, నెలవారీ ఫైల్ చేసేవాళ్లు 20లోగా 3బీ రిటర్ను వెయ్యాలి. పర్చేజ్ రిజిస్టరుతో 2బీని సరిచూసి, 2బీలో కనపడని బిల్లులేవో తేల్చేది ఆ మధ్యలోనే. అవి కనపడకపోతే ఆ నెల ఐటీసీ, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చే తగ్గింపు, తీసుకోలేం. నేను "వెండర్లకి ఫాలోఅప్ చేస్తాం సర్" అన్నాను. ఆయన తలూపి వేరే ప్రశ్నకి వెళ్లిపోయారు.

సాయంత్రం మెయిల్‌లో ఆ సంగతే ఎత్తుకున్నాను. రాసింది ఇంగ్లీషులో, సారం ఇది:

"నమస్తే సర్, ఈరోజు సమయమిచ్చి మాట్లాడినందుకు ధన్యవాదాలు. 14-20 మధ్య ఒత్తిడి గురించి మీరన్నది విన్నాక మా దగ్గర చేసే పద్ధతి ఒకటి చెప్పాలనిపించింది. తేడా వచ్చిన బిల్లుల్ని ముందు రెండుగా విడదీస్తాం: వెండర్ అసలు ఎక్కించనివి, ఎక్కించినా బిల్లు నంబరు వేరేగా కొట్టినవి. గీతలు, ముందున్న సున్నాలు తీసేసి పోలిస్తే రెండో రకంలో చాలావరకు ఎక్సెల్‌లోనే సరిపోతాయి. ఫోన్లు మొదటి రకానికే. అవి కూడా, ప్రతిసారీ ఆలస్యం చేసే వెండర్లకైతే 11న జీఎస్టీఆర్-1 గడువు దాటకముందే చేస్తాం. మీ టీములో ఈ పని చెయ్యాలని ఉంది."

అంతే. నాకు జీఎస్టీ వచ్చని ఎక్కడా రాయలేదు, వచ్చో రాదో ఆయనకి తెలిసిపోతుంది. లోపల ఒక్క ముక్కలో తేల్చేసిన జవాబుకి ఇది మిగతా సగం, కాబట్టి చెప్పిందే చెప్పినట్టూ ఉండదు. రెండో రౌండ్‌లో ఆయన మొదట అడిగింది ఆ 11వ తేదీ సంగతే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. "మేం ఇలా చేస్తాం" అనండి, "మీరు ఇలా చెయ్యాలి" అనొద్దు. వాళ్ల ఇబ్బందులు మనకి పూర్తిగా తెలీవు. ఇప్పటి కంపెనీ వెండర్ల పేర్లు, మొత్తాలు అసలు రాయొద్దు. రేపు మావి కూడా ఇలాగే బయటపెడతాడు అనుకుంటారు, నేనైతే అనుకుంటాను.

వాళ్లు ఇబ్బందులేవీ చెప్పలేదనుకోండి, మీరు తడబడిన ప్రశ్న ఒకటి తీసుకుని మూడు లైన్లలో సరైన జవాబు రాయండి. అది కూడా లేకపోతే రెండు లైన్ల థాంక్స్ చాలు, సాగదీయకండి. పంపేముందు ఒకసారి చదివి చూసుకోండి: కంపెనీ పేరు మార్చి ఇంకోచోటికి పంపినా సరిపోయే వాక్యం కనిపిస్తే కొట్టెయ్యండి.

ఇద్దరు కూర్చుంటే ఇద్దరికీ వేర్వేరుగా, ఎవరితో మాట్లాడింది వాళ్లకి రాయండి. ఒకరిది ఒకరికి ఫార్వర్డ్ అవుతూనే ఉంటాయి. మెయిల్ ఐడీ ఇవ్వకపోతే మీటింగ్ ఇన్వైట్‌లో ఉందేమో చూడండి, లేదంటే హెచ్‌ఆర్‌కి పంపి అందజేయమనండి. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లుంటే వాళ్లని దాటి నేరుగా పంపొద్దు, గొడవవుతుంది.

మా దగ్గర ఫీడ్‌బ్యాక్ ఫారం ఆ సాయంత్రమో మర్నాడు పొద్దున్నో నింపేస్తాం. ఆ తర్వాత వచ్చిన మెయిల్ చదువుతాం గానీ రాసింది మార్చం. అందుకే ఆఫీసు వదిలే టైముకి ముందే పంపండి. ఇంటర్వ్యూ చెడిపోయి ఉంటే మాత్రం ఏ మెయిలూ దాన్ని నిలబెట్టదు. ఇదంతా ప్రైవేటు ఉద్యోగాల సంగతి. సర్వీస్ కమిషన్ ఇంటర్వ్యూలకైతే బోర్డు సభ్యులకి ఇలాంటివేమీ పంపొద్దు, సిఫారసు ప్రయత్నం కింద లెక్కేసి అనర్హుల్ని చెయ్యొచ్చు.