ఎఫ్‌డీ డబ్బు అమ్మది, పాన్ నంబరు మీది: ఐటీ మెసేజ్‌కు ఏం జవాబివ్వాలి?

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. ప్రభుత్వ స్కూల్లో టీచర్‌ని. ఫారం-16 చూసుకుని ఆగస్టులో రిటర్న్ వేసేశాను. ఇప్పుడు ఐటీ వాళ్ల నుంచి మెసేజ్ వచ్చింది. నా రిటర్న్‌కీ, ఇతరులు నా గురించి ఇచ్చిన సమాచారానికీ తేడా ఉందట. బ్యాంకు వడ్డీ 1,16,000 వచ్చిందని చూపిస్తున్నారు. అందులో 72,000 అమ్మ డిపాజిట్ మీది. మా నాయన పోయినాక వచ్చిన డబ్బు అది. అమ్మ బ్యాంకుకు తిరగలేదని నా పేరు ముందు పెట్టి జాయింట్‌గా వేశాము. నా సొంత ఎఫ్‌డీ వడ్డీ 44,000. అదీ ఐదేళ్ల తర్వాత గానీ చేతికి రాదు. ఎట్లాగూ 11,600 టీడీఎస్ కోసేశారు కదా, ఇంకేం కట్టాలి? 200 శాతం పెనాల్టీ పడుతుందని స్టాఫ్‌రూంలో అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ మెసేజ్ నిజమైనదో కాదో చూసుకోండి. అందులో లింక్ ఉంటే నొక్కకండి. మీరే incometax.gov.in తెరిచి, మీ పాన్‌తో లాగిన్ అయి, Pending Actions కింద Compliance Portal లోకి, అక్కడి నుంచి e-Campaign లోకి వెళ్లండి. నిజంగా వచ్చినదైతే 2024-25 ఆర్థిక సంవత్సరం పేరుతో అక్కడ కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ మెసేజ్‌ను పక్కన పడేయండి.

కనిపించిందనే అనుకుందాం. అది పన్ను డిమాండ్ కాదు, అసెస్‌మెంటూ కాదు. మీ బ్యాంకు మీ పాన్ మీద ఇంత వడ్డీ చూపింది, మీ రిటర్న్‌లో అది లేదు, ఒకసారి సరిచూసుకోండి అని చెప్పడమే. స్టాఫ్‌రూంలో చెప్పిన 200 శాతం, ఆదాయాన్ని తప్పుగా చూపించారని అధికారి అసెస్‌మెంట్‌లో తేల్చినప్పుడు 270ఏ సెక్షన్ కింద పడేది. మీరు ఆ దశకు చాలా దూరంలో ఉన్నారు. గడువులోగా మీ అంతట మీరే రిటర్న్ సవరించుకుంటే దాని ప్రసక్తే రాదు. ఆ గడువు 2025 డిసెంబరు 31.

ఇప్పుడు ఏఐఎస్ తెరవండి. మీ పాన్ మీద బ్యాంకులు, కంపెనీలు, రిజిస్ట్రార్లు పంపిన సమాచారమంతా ఉండే పట్టిక అది. చాలామంది కంగారు పడేది ఇక్కడే. ఒకే వడ్డీ రెండు చోట్ల కనిపిస్తుంది. టీడీఎస్ కోసినందుకు 194ఏ కింద ఒకసారి, వడ్డీ ఇచ్చినట్టు బ్యాంకు విడిగా పంపే SFT-016 కింద ఇంకోసారి. రెండూ కూడి 2,32,000 అనుకోకండి. పక్కనే ఉండే టీఐఎస్ అనే సారాంశంలో ఒకే సమాచారం రెండుసార్లు వచ్చినచోట మామూలుగా ఒక్కసారే లెక్కిస్తారు. SFT-016 లో ఇంకో ఉపయోగం ఉంది. అక్కడ వడ్డీ ఖాతాల వారీగా విడివిడిగా ఉంటుంది. మీ డిపాజిట్, అమ్మ డిపాజిట్, సేవింగ్స్ ఖాతా దేని వరుస దానిదే. సేవింగ్స్ వడ్డీ మీరు రాయలేదు గానీ, అది కూడా చూపాల్సిందే. లెక్క కోసం 3,800 అనుకుంటున్నాను. మీ అంకె అక్కడ చూసి వేసుకోండి.

మీ సొంత ఎఫ్‌డీ సంగతి. వడ్డీ చేతికి రాకపోయినా, క్యుములేటివ్ డిపాజిట్‌లో ఏటా అసలుకు కలిసిపోతూ ఉంటుంది. బ్యాంకు ఆ వడ్డీని ఏటికేడు లెక్కకట్టి టీడీఎస్ కోసి ప్రభుత్వానికి చెబుతుంది. డబ్బు చేతికి వచ్చిన ఏడాదే ఆదాయంగా చూపే పద్ధతి చట్టంలో లేకపోలేదు. కానీ అలా చేస్తే ఏటా ఇదే మెసేజ్, ఏటా ఇదే వివరణ. పైగా ఐదేళ్ల వడ్డీ ఒకే ఏడాది మీద పడి పై శ్లాబులోకి నెట్టవచ్చు. ఏటికేడు చూపించడమే మీకు మేలు.

టీడీఎస్ కోశారు కాబట్టి పన్ను అయిపోయిందనుకోవడం కూడా సరికాదు. బ్యాంకు కోసే 10 శాతం అడ్వాన్సు లాంటిది. మీ శ్లాబు ప్రకారం అసలు పన్ను రిటర్న్‌లోనే తేలుతుంది. వడ్డీని చూపకపోతే ఆ కోసిన డబ్బు మీకు జమ కూడా కాదు.

ఇక అసలు చిక్కు అమ్మ డిపాజిట్. జాయింట్ ఖాతాలో మొదటి పేరు ఎవరిదైతే వడ్డీ అంతా వాళ్ల పాన్ మీదే బ్యాంకు చూపిస్తుంది. ఆ డబ్బు ఎవరిదో బ్యాంకుకు పట్టదు. ఆదాయపు పన్నులో మాత్రం డబ్బు ఎవరిదో వడ్డీ వాళ్లదే. మన సీమలో పెద్దవాళ్ల డబ్బు కొడుకు పేరు ముందు పెట్టి వేయడం మామూలే. అందులో తప్పేమీ లేదు. కానీ రుజువు కావాలి. నాన్నగారి డబ్బు అమ్మ ఖాతాలో పడినట్టు, అక్కడి నుంచి ఈ ఎఫ్‌డీకి వెళ్లినట్టు స్టేట్‌మెంట్లలో కనిపిస్తుందా? కనిపిస్తే 72,000 ధైర్యంగా అమ్మ ఆదాయమని చెప్పవచ్చు. డబ్బు ముందు మీ ఖాతాలోకి వచ్చి మీ ఖర్చులతో కలిసిపోయి ఉంటే, లేదా అమ్మ దాన్ని మీకే ఇచ్చేసి ఉంటే, ఆ మాట నిలబడదు. అప్పుడు మొత్తం మీ రిటర్న్‌లోనే చూపండి.

రెండు దారుల్లోనూ ఎంత పడుతుందో చూద్దాం. మీరు కొత్త విధానంలో ఉన్నారనీ, ఫారం-16 ప్రకారం పన్ను వేయాల్సిన జీతం 8,85,000 అనీ, దానిపై సెస్సుతో కలిపి 40,040 మీ డీడీవో కోసేశారనీ అనుకుందాం. మీ వడ్డీ మాత్రమే, అంటే 44,000, సేవింగ్స్ 3,800 కలిపితే ఆదాయం 9,32,800. పన్ను సెస్సుతో 45,011. జీతంలో కోసిన 40,040, మీ ఎఫ్‌డీ వాటా టీడీఎస్ 4,400 తీసేస్తే మిగిలేది 571. రౌండ్ చేసి 570 రూపాయలు కడితే చాలు. అమ్మకు వేరే ఆదాయం లేకపోతే ఆమె 72,000 మీద పన్నే లేదు. బ్యాంకు కోసిన 7,200 ఆమెకు రిఫండ్‌గా రావాలి.

మొత్తం వడ్డీ మీదే అని చూపితే ఆదాయం 10,04,800 అవుతుంది. పన్ను 52,749. అంతా కోసిన 51,640 పోగా 1,109 కట్టాలి. చూడ్డానికి 570కీ 1,110కీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. కానీ ఈ దారిలో అమ్మకు రావాల్సిన 7,200 మీ పన్నులోకి వెళ్లిపోతుంది. ఇంటి మొత్తం మీద తేడా 7,700 పైచిలుకు. అదీ ఒక్క ఏడాదికి. మీ కాగితాలు సరిగ్గా ఉంటే మొదటి దారిలోనే వెళ్లమంటాను.

ఆ దారిలో మూడు చోట్ల పని ఉంది. మొదటిది ఏఐఎస్‌లో. SFT-016 కింద అమ్మ ఎఫ్‌డీ వరుస మీద ఫీడ్‌బ్యాక్ తెరిచి, Information relates to other PAN/Year ఎంచుకుని అమ్మ పాన్, 72,000 ఇవ్వండి. మీ ఎఫ్‌డీకీ సేవింగ్స్‌కీ Information is correct అని ఇవ్వండి. ఈ ఫీడ్‌బ్యాక్ ఇచ్చి పని అయిపోయిందనుకుని ఊరుకోకండి. దానితో మీ రిటర్న్ మారదు.

రెండోది రివైజ్డ్ రిటర్న్. పాతది ప్రాసెస్ అయిపోయినా ఇది వేయవచ్చు. పాత రిటర్న్ అకనాలెడ్జ్‌మెంట్ నంబరు, తేదీ కావాలి. మీరు ఐటీఆర్-1 వేసి ఉంటారు. ఇప్పుడు ఐటీఆర్-2 వేయండి. ఎందుకంటే టీడీఎస్‌లో ఇంత నాది, ఇంత ఫలానా పాన్ వారిది అని విడగొట్టి చూపే గడులు అందులో ఉన్నాయి. బ్యాంకు వరుసలో 4,400 మీ పేరున, 7,200 వేరే వ్యక్తి పేరున అమ్మ పాన్‌తో వేయాలి. 570 ముందే కట్టి ఆ చలానా వివరాలు ఇవ్వండి. వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై మరవకండి.

మూడోది అమ్మ రిటర్న్. ఆమె కూడా ఐటీఆర్-2 వేయాలి. వేరొకరి పాన్ మీద కోసిన టీడీఎస్ అడిగేవాళ్లకు ఐటీఆర్-1 కుదరదు. అసలు గడువు దాటింది కాబట్టి ఇది ఆలస్యపు రిటర్న్. దానికీ చివరి తేదీ డిసెంబరు 31నే. ఆమె ఆదాయం పన్ను పరిమితి లోపలే ఉంది, రిటర్న్ తప్పనిసరి కాదు, కాబట్టి ఆలస్య రుసుము పడదు. టీడీఎస్ పట్టికలో ఇది వేరే వ్యక్తి పాన్ మీద కోసినదని ఎంచి, మీ పాన్ ఇవ్వాలి.

వీటితో పాటు బ్యాంకుకు ఒక డిక్లరేషన్ ఇవ్వండి. 37బీఏ రూల్ ప్రకారం ఈ టీడీఎస్ ఎవరికి జమ కావాలో వారి పేరు, చిరునామా, పాన్, వడ్డీ వివరం, కారణం అందులో రాయాలి. బ్యాంకు తన టీడీఎస్ రిటర్న్ సవరిస్తే ఆ 7,200 అమ్మ పాన్ మీది టీడీఎస్ జమలు చూపే 26ఏఎస్‌లోకి వస్తుంది. కౌంటర్లో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదని తిప్పి పంపే అవకాశం ఉంది. రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద సీలు వేయించుకోండి. బ్యాంకు సవరించకపోతే రిఫండ్ ఆగవచ్చు. అప్పుడు ఆ సీలు కాపీ, ఖాతా స్టేట్‌మెంట్లే మీకు ఆధారం.

గడువు తప్పితే ఏమవుతుందని అడుగుతారేమో. తర్వాత అప్‌డేటెడ్ రిటర్న్ ఉంటుంది గానీ, అందులో మీరు కట్టాల్సిన పన్ను, వడ్డీల మీద మొదటి ఏడాదిలో అదనంగా 25 శాతం పడుతుంది. మీ 570కి అది చిన్న మొత్తమే. కానీ అప్‌డేటెడ్ రిటర్న్‌తో రిఫండ్ అడగడానికి వీల్లేదు. అమ్మ 7,200 కోసమైనా చివరి తేదీ దాకా ఆగకండి.

ఈ ఎఫ్‌డీ మెచ్యూర్ అయినప్పుడు అమ్మ పేరు ముందు పెట్టి, మీ పేరు రెండోది చేసి, ఐదర్ ఆర్ సర్వైవర్‌గా వేయండి. ఆమె రాలేకపోయినా మీరు ఖాతా నడపవచ్చు. ఆమెకు 60 నిండి ఉంటే ఏటా ఏప్రిల్‌లో 15హెచ్ ఇప్పించండి, టీడీఎస్ కోయరు. ఆ ఫారం మీ పేరు ముందున్నంత కాలం అమ్మ తరఫున పనికిరాదు. మెచ్యూరిటీ ఇంకా దూరంగా ఉంటే, మధ్యలో బద్దలుకొట్టి వడ్డీ పోగొట్టుకోవద్దు. ప్రతి ఏడాదీ ఏప్రిల్‌లోనే ఆ 37బీఏ డిక్లరేషన్ ఇవ్వండి. బ్యాంకు మొదటి త్రైమాసికం టీడీఎస్ రిటర్న్ వేసేలోపే అది వాళ్ల దగ్గర ఉండాలి.