పిడుదులు కుక్క ఒంటి మీద కన్నా గోడ పగుళ్లలోనే ఎక్కువ

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ పటమట. మూడేళ్ల లాబ్రడార్‌ను పెంచుతున్నాం, బరువు 28 కిలోలు. దానికి పిడుదులు పట్టాయి. వారం వారం మందు షాంపూతో స్నానం చేయించి పౌడరు చల్లుతున్నాం. పది రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయి. ఇప్పుడు గోడ మీద సీలింగ్ దాకా పాకుతున్నాయి. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. ఏం చేయాలి? – ఓ పాఠకురాలు

జవాబు: షాంపూ, పౌడరు ఆ రోజు కుక్క ఒంటి మీద ఉన్న పిడుదుల్ని మాత్రమే చంపుతాయి. మీ ఇంట్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఆ సమయానికి కుక్క మీద ఉండవు. గోడ పగుళ్లలో, ద్వారబంధం సందుల్లో, స్కర్టింగ్ టైల్స్ వెనక ఉంటాయి. అందుకే పది రోజులకల్లా కొత్తవి ఎక్కుతున్నాయి.

మన ఇళ్లలో కుక్కలకు పట్టేది ఎక్కువగా గోధుమరంగు కుక్క పిడుదు. దీనికి గడ్డి, చెట్లు అక్కర్లేదు, ఇంట్లోనే తరాలు గడిపేయగలదు. ఆడపిడుదు వారం పది రోజులు రక్తం తాగి, చిన్న ఆముదం గింజంత ఉబ్బి, బూడిదరంగుకు తిరిగి కింద పడిపోతుంది. పడ్డాక పైకి పాకడం దాని స్వభావం. మీరు సీలింగ్ దగ్గర చూస్తున్నవి గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నవే. ఏదో ఒక సందులో దూరి వెయ్యి నుంచి నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చనిపోతుంది. మన ఎండలకు మూడు వారాలు అటూ ఇటూగా అవి పొదుగుతాయి. అందులోంచి వచ్చే ఆరు కాళ్ల పిల్ల అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అది కుక్కనెక్కి కొన్ని రోజులు రక్తం తాగి దిగిపోతుంది, సందులో కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది, పెద్దదై మూడోసారి ఎక్కుతుంది. ఇదంతా వేడి వాతావరణంలో రెండు మూడు నెలల్లో పూర్తవుతుంది. పెద్ద పిడుదు ఏమీ తాగకుండా ఏడాదికి పైగా బతకగలదు. కాబట్టి వేసవి సెలవులకు ఇల్లు తాళం వేసి ఊరెళ్లి వస్తే చస్తాయనుకోవద్దు.

ప్రతి పిడుదూ మూడుసార్లు కుక్క దగ్గరికి రావాల్సిందే. మనకు దొరికే అవకాశం అదే. కుక్క రక్తంలో మందు ఉంటే, ఎక్కిన ప్రతిదీ కొరికి చస్తుంది. దీనికి నమిలే మాత్రలున్నాయి. ఫ్లూరాలనర్ అయితే ఒక మాత్ర సుమారు 12 వారాలు పనిచేస్తుంది. అఫాక్సోలనర్ నెలకోసారి వేయాలి. ముందు కుక్కను తూకం వేయించండి. 28 కిలోలకు ఫ్లూరాలనర్ 20 నుంచి 40 కిలోల ప్యాక్, అంటే 1000 మిల్లీగ్రాముల మాత్ర సరిపోతుంది. అన్నం పెట్టిన వెంటనే ఇవ్వండి, ఖాళీ కడుపుతో ఇస్తే మందు సరిగా ఒంటికి పట్టదు. పెద్ద మాత్ర కొని రెండు కుక్కలకు విరిచి పెట్టడం కుదరదు, చెరో సగంలో ఎంత మందు పోయిందో తెలియదు. కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఈ రకం మాత్రలు వేయకుండా ముందు డాక్టర్‌కు చెప్పండి. కూనలకు, చూడి కుక్కలకు కూడా డాక్టర్‌ను అడగకుండా వద్దు.

మాత్ర వేశాక కుక్కను చుట్టాలింటికి పంపకండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కుక్క లేని ఇంట్లో పిడుదులు ఆకలితో కాచుకుని ఉంటాయి, మందున్న కుక్క ఇంట్లో తిరుగుతుంటే వచ్చి ఎక్కి చస్తాయి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దానికీ అదే రోజు మందు పడాలి.

ఇంటి పనీ అదే రోజు మొదలుపెట్టండి. కుక్క పడుకునే గోనెసంచి పారేయండి. దుప్పట్లు మరిగే నీళ్లలో నానబెట్టి ఉతకండి. స్కర్టింగ్, మంచం కోళ్లు, సోఫా కుట్లు, కర్టెన్ మడతలు, గోడకున్న ఫొటోల వెనక భాగం వాక్యూమ్‌తో లాగి, ఆ వాక్యూమ్ సంచిని కవర్లో గట్టిగా కట్టి బయట పడేయండి. తర్వాత ఇళ్లలో వాడకానికి అనుమతి ఉన్న డెల్టామెత్రిన్ లాంటి మందును సీసా మీద రాసిన కొలతకే కలిపి కొట్టండి. గది మధ్యలో నేలంతా తడపడం దండగ. సందులో మందు దిగాలి. గోడ, సీలింగ్ కలిసే మూల దాకా, తలుపు చట్రం పైభాగంలో కూడా కొట్టాలి. స్విచ్‌బోర్డుల మీద మాత్రం వద్దు. ఆరేదాకా పాపను, కుక్కను బయటే ఉంచి కిటికీలు తెరిచి పెట్టండి. పిల్లి ఉన్న ఇంట్లో, చేపల తొట్టి ఉన్న గదిలో ఈ మందు ప్రమాదం. మందు కొట్టిన అంచుల్ని వారం పాటు ఫినాయిల్ గుడ్డతో తుడవకండి, మందంతా దానితోనే పోతుంది.

ఒకసారి కొడితే గుడ్లు చావవు. అందుకని రెండు వారాలకోసారి చొప్పున కనీసం నాలుగుసార్లు కొట్టాలి. రెండో విడత అయ్యాక పగుళ్లను వైట్ సిమెంట్‌తోనో పుట్టీతోనో పూడ్చేస్తే ఆ పైన పని సగం తగ్గుతుంది. మాత్రలు మాత్రం గోడల మీద పిడుదులు కనబడటం మానేశాక కూడా కనీసం మూడు నాలుగు నెలలు ఆపొద్దు. మన దగ్గర పిడుదుల్ని ఆపేంత చలి పడదు కాబట్టి ఏడాది పొడుగునా వేస్తే ఇంకా మంచిది.

మధ్యలో కుక్క మీద ఒకటీ అరా కనబడితే కంగారు పడకండి, సన్నగా చదునుగా ఉందా, ఉబ్బిందా చూడండి. చదునుగా ఉన్నది ఇప్పుడే ఎక్కింది, ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. మాత్ర వేసి రెండు రోజులు దాటాక కూడా ఉబ్బిన బూడిదరంగు పిడుదులు వస్తుంటే మందు పట్టలేదన్నమాట: మాత్ర కక్కేసి ఉండాలి, లేదా బరువుకు తక్కువ మోతాదు పడి ఉండాలి. తీసేటప్పుడు చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి. వేళ్లతో నలపకండి. కిరోసిన్, కర్పూరం కలిపిన నూనె పూయకండి. చర్మం కమిలిపోతుంది, నాకితే కర్పూరంతో ఫిట్స్ కూడా వస్తాయి. పశువులకు వాడే మందులు డాక్టర్ చెప్పకుండా కుక్క మీద పోయొద్దు.

గెంతే చిన్న పురుగులు, అంటే ఫ్లీస్, కూడా ఉన్నాయేమో ఓసారి చూడండి. తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి తెల్ల కాగితం మీద వేస్తే ఎర్రగా కరుగుతుంది. ఆ మాత్రే వీటినీ చంపుతుంది. కానీ గూడు కట్టుకున్న వాటి ప్యూపాలకు స్ప్రే తగలదు, రెండు మూడు వారాలు కొత్తవి పుడుతూనే ఉంటాయి. రోజూ వాక్యూమ్ చేస్తే అవి తొందరగా బయటికొచ్చి మందులో పడతాయి.

కుక్క తిండి మానేసినా, జ్వరం వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ రోజే చూపించండి. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లిషియా, బెబీసియా లక్షణాలు ఇవే. ప్లేట్‌లెట్లు, రక్తపు స్మియర్ పరీక్ష చేయించాలి. దగ్గర్లోని పశువైద్యశాలకు గానీ గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రికి గానీ తీసుకెళ్లొచ్చు. పాపకు సాయంత్రం స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, చంకల్లో, తల వెంట్రుకల్లో వెతకండి. పిడుదు కుట్టిన తర్వాత రెండు వారాల్లోపు జ్వరం, ఒంటి మీద దద్దుర్లు వస్తే పిల్లల డాక్టర్‌కు ఆ సంగతి చెప్పాలి, చెప్పకపోతే వాళ్ల దృష్టి అటు పోదు. స్క్రబ్ టైఫస్ వేరు. అది పొదల్లో ఉండే చిగ్గర్ పురుగుతో వస్తుంది, కుక్క పిడుదుతో కాదు.