పద్నాలుగు సాయంకాలమా, పదిహేను రాత్రా?

సందేహం: తెలుగు బైబిల్లో పస్కా మొదటి నెల పదునాలుగవ దినమున సాయంకాలమందు అని ఉంది. అమెరికాలో మా అబ్బాయి పక్కింటి యూదులు మాత్రం తమ పండుగ ఆ నెల, అంటే నీసాను, పదిహేను అంటున్నారట. ఏది సరి? పస్కా తర్వాత వాళ్ళు రోజులు లెక్కపెట్టే ఓమెరు లెక్క నలభై తొమ్మిదితో ఆగిపోతే పెంతెకొస్తు యాభయ్యో రోజు ఎలా అయింది? ‘పస్కా నుంచి యాభయ్యో రోజు’ అని రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: రెండూ సరైనవేనండీ. చిక్కంతా మన ‘సాయంకాలం’ అనే మాటలో ఉంది.

మనకు ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది, పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. యూదులకు పొద్దుగుంకితే రోజు మారిపోతుంది. అంటే నీసాను 14లో ముందు రాత్రి వస్తుంది, ఆ వెనక పగలు వస్తుంది. ఆ పగటి చివర్లోనే పస్కా గొర్రెపిల్లను వధించేవారు. మూలంలో ఉన్న హీబ్రూ మాటకు ‘రెండు సాయంకాలాల మధ్య’ అని అర్థం. రబ్బీలు దాన్ని పొద్దు పడమటికి వాలినప్పటి నుంచి అస్తమించేదాకా ఉండే సమయమని వివరించారు. మన పల్లెల్లో ‘పొద్దు తిరిగాక’ అంటామే, ఆ మాట దీనికి బాగా దగ్గర. ‘సాయంకాలం’ అనగానే మనకు దీపాలవేళ తోస్తుంది, ఆ వెంటనే రాత్రి భోజనం కూడా అదే తేదీలో కలిసిపోతుంది. అక్కడ అలా కలవదు. వధించింది 14న. ఆ మాంసం తినేది చీకటి పడ్డాక కాబట్టి, అప్పటికే 15 వచ్చేసింది. మధ్యలో గడిచింది కొద్ది గంటలే అయినా తేదీ మారింది.

లేవీయకాండం 23వ అధ్యాయం ఈ తేడాను పాటించింది. పద్నాలుగున పస్కా, పదిహేనున పులియని రొట్టెల పండుగ అని విడివిడిగా చెప్పింది. కాలక్రమంలో రెండో పండుగను కూడా పస్కా అనడం అలవాటైంది. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలాక యూదులకు గొర్రెపిల్ల బలి ఆగిపోయింది, 15 రాత్రి విందు మిగిలింది. మీ అబ్బాయి పక్కింటివాళ్ళు చెప్పేది ఆ విందు మొదలయ్యే రోజు. బైబిలు వాక్యం చెప్పేది వధ జరిగే రోజు.

ఇక లెక్క సంగతి. పస్కాకూ పెంతెకొస్తుకూ మధ్య ఒక విచిత్రమైన తేడా ఉంది. పస్కాకు ధర్మశాస్త్రం నెల, తేదీ ఇచ్చింది. పెంతెకొస్తుకు, అంటే వాళ్ళు షవువోత్ అనే వారాల పండుగకు, తేదీ ఇవ్వలేదు. లెక్కపెట్టుకుంటూ రమ్మంది, అంతే. షవువోత్ అన్న మాటకు అర్థమే ‘వారాలు’. ఆ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలంటే, కొత్త పంటలో మొదటి పనను యాజకుడు అల్లాడించిన రోజున. మన అనువాదకులు ఇక్కడ ‘పన’ అనే చక్కని మాట వాడారు, కోత కోసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. కాకపోతే అది వరిపన కాదు, యవల పన. పైగా హీబ్రూలో దాన్ని ‘ఓమెరు’ అన్నారు. అది కొలత పేరు కూడా, ఏఫా అనే పెద్ద కొలతలో పదో వంతు. మన్నా కొలిచే చోట మనవాళ్ళు ‘ఓమెరు’ అనే ఉంచి, ఇక్కడ ‘పన’ అన్నారు. అందుకే రెండూ ఒకే మాటని తెలుగులో చదివేవారికి తట్టదు.

లెక్క మొదలయ్యేది ‘విశ్రాంతిదినమునకు మరునాడు’ అని ఉంది. ఇది పెద్ద తగాదాకు దారితీసిన మాట. విశ్రాంతిదినమంటే శనివారమే అన్నవాళ్ళు ఆదివారం నుంచి లెక్కపెట్టారు. వాళ్ళకు షవువోత్ ఎప్పుడూ ఆదివారమే. రబ్బీల సంప్రదాయాన్ని ఒప్పుకోని కరాయీ యూదులు నేటికీ అంతే. పరిసయ్యుల సంప్రదాయం మాత్రం, పస్కా మొదటి రోజున కూడా పని మానేస్తారు కాబట్టి అదే ఇక్కడి విశ్రాంతిదినం అంది. ఆ లెక్కన నీసాను 16 మొదటి రోజు. ఈనాడు ఎక్కువమంది యూదులు పాటించేది దీన్నే.

2024 సంవత్సరం తీసుకుందాం. ఆ ఏడాది మన ఉగాది, నీసాను 1 రెండూ ఏప్రిల్ 9నే పడ్డాయి. అందువల్ల మన చైత్ర పౌర్ణమి, వాళ్ళ నీసాను 15 కూడా ఏప్రిల్ 23నే వచ్చాయి. (ప్రతి ఏడూ ఇలా కలవవు. వాళ్ళూ మనలాగే అధికమాసం కలుపుతారు గానీ, కలిపే ఏడాది, నెల వేరు.) ఏప్రిల్ 22 సోమవారం పొద్దుగుంకగానే 15 మొదలై విందు జరిగింది. మర్నాడు, మంగళవారం చీకటి పడ్డాక నీసాను 16 వచ్చింది. ఆ రాత్రే ఓమెరు ఒకటో రోజు లెక్కపెట్టారు. దాని పగలు ఏప్రిల్ 24. నీసానుకు 30 రోజులు కనుక 16 నుంచి నెలాఖరుకు 15 రోజులు. ఆ తర్వాతి ఇయ్యారుకు 29, మొత్తం 44. సీవానులో మరో 5 రోజులకు 49 నిండాయి. అది జూన్ 11. మరునాడు సీవాను 6, జూన్ 12, షవువోత్.

ఇప్పుడు నెలల పొడవు లెక్కతో స్థిరపడింది కాబట్టి ఎప్పుడూ సీవాను 6నే వస్తుంది. నెలవంక చూసిన సాక్షుల మాట మీద నెల మొదలుపెట్టిన రోజుల్లో ఆ నిశ్చయం లేదు. నీసాను, ఇయ్యారు రెండూ 30 రోజులైతే పండుగ సీవాను 5న, రెండూ 29 అయితే 7న వచ్చేది. తేదీ జరిగినా లెక్క మాత్రం జరగలేదు.

యాభై మాట దగ్గరికి వద్దాం. వాళ్ళు నోటితో లెక్కపెట్టేది ఏడు వారాలు, అంటే 49 రోజులే. యాభయ్యోదాన్ని లెక్కపెట్టరు, పండుగగా జరుపుకుంటారు. గ్రీకు మాట్లాడే యూదులు దాన్నే ‘యాభయ్యోది’ అన్నారు, అదే మన పెంతెకొస్తు. మన బైబిల్లో ‘పనను తెచ్చిన దినము మొదలుకొని’ అని ఉండటం గమనించండి. ‘మొదలుకొని’ అంటే ఆ రోజూ లెక్కలో చేరుతుంది. ఇరవై ఒకటో రోజు బారసాల అన్నప్పుడు పుట్టిన రోజును ఒకటిగా పట్టుకుంటామే, అలాగే. ‘నుంచి’ మాత్రం నమ్మదగ్గ మాట కాదు, కొందరు మొదటి రోజును కలుపుతారు, కొందరు వదిలేస్తారు. ‘పస్కా నుంచి యాభయ్యో రోజు’ అని రాస్తే, పస్కా రోజును కలుపుకున్నవారికి ఒక రోజు ముందే పండుగ వచ్చేస్తుంది. ‘పస్కా మొదటి రోజు మరునాడు మొదలుకొని యాభయ్యో రోజు’ అని రాయండి. కాస్త పొడుగైనా తప్పుండదు. యూదుల పండుగకు ‘వారాల పండుగ’ అనే వాడటం నా మట్టుకు మేలనిపిస్తుంది. 2024లో చాలా చర్చిల్లో పెంతెకొస్తు మే 19న వచ్చింది. అది ఈస్టరు ఆదివారం నుంచి చేసిన లెక్క. ఒకే పేరు పెడితే చదివేవారికి తికమక.

మాట ఎంత జాగ్రత్తగా వాడాలో ఆ లెక్కపెట్టేవారిని చూసి తెలుసుకోవచ్చు. ప్రతి రాత్రి ముందు ఆశీర్వచనం చెప్పి, తర్వాత ‘ఇవాళ పదమూడు రోజులు, అంటే ఓమెరులో ఒక వారం ఆరు రోజులు’ అని పలకాలి. పొద్దుగుంకాక, తానింకా లెక్కపెట్టకముందే ఎవరైనా ‘ఇవాళ ఎన్నో రోజు?’ అని అడిగితే, ‘పదమూడు’ అని చెప్పకూడదు. అలా అంటే లెక్కపెట్టినట్టే అయిపోయి, ఆ రాత్రికి ఆశీర్వచనం చెప్పే వీలు పోతుంది. అందుకని ‘నిన్న పన్నెండు’ అంటారు.