ఉద్యోగం వదలకుండా సీజన్ వ్యాపారం: పండుగ సరుకా, పెళ్లి ఆర్డరా?

ప్రశ్న: నాకు నెల జీతం వచ్చే ఉద్యోగం ఉంది. ఇంటి బాధ్యతల వల్ల దాన్ని వదల్లేను. పండుగలకు అలంకరణ వస్తువులు తయారుచేసి అమ్మాలా, పెళ్లిళ్లకు మండపాల అలంకరణ ఒప్పుకోవాలా అని ఆలోచిస్తున్నాను. నా భార్య సాయం చేస్తుంది. కొద్దిగా పొదుపు కూడా ఉంది. ఏది ఎంచుకోమంటారు?

జవాబు: మొదటి సీజన్‌కు ఈ రెండింటిలో ఏదీ వద్దని నా అభిప్రాయం. మండపం అలంకరణ పని పెళ్లికి ముందు రోజు, పెళ్లి రోజున జరుగుతుంది. ఆ రోజు మీ ఆఫీసులో సెలవు దొరకకపోతే ఆ పనిని మరో రోజుకు మార్చుకునే వీలు లేదు. పండుగ సరుకుకు ఈ చిక్కు లేదు కానీ, ఎన్ని అమ్ముడవుతాయో తెలియకముందే పెట్టుబడి పెట్టాల్సి వస్తుంది. మీ పరిస్థితికి సరిపోయేది, పెళ్లికి వచ్చిన అతిథులకు ఇచ్చే రిటర్న్ గిఫ్టులను ఆర్డరు మీద ప్యాక్ చేసి ఇవ్వడం. ఎన్ని కావాలో ముందే తెలుస్తుంది, సరుకు ఖర్చు అడ్వాన్సుగా వస్తుంది, పనంతా పెళ్లికి కొన్ని రోజుల ముందే ఇంట్లో పూర్తవుతుంది.

పండుగ సరుకు ఎందుకు ప్రమాదకరమో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఒక వస్తువు ధర 100, తయారీ ఖర్చు 60, పండుగ దాటాక మిగిలినదాన్ని వదిలించుకుంటే వచ్చేది 20 అనుకుందాం. మీరు 80 వస్తువులు చేయగా 50 మాత్రమే అమ్ముడైతే, అమ్మకం మీద 5000, మిగిలిన 30 మీద 600 వస్తాయి. ఖర్చు 4800 పోగా మిగిలేది 800. అదే 50 మాత్రమే చేసి ఉంటే 2000 మిగిలేది. మిగిలిపోయిన సరుకుకు అసలు విలువే లేకపోతే ఆ 800 కాస్తా 200 అవుతుంది. ఈ ధరల్లో అమ్ముడైన ఒక్కో వస్తువు మీద వచ్చే లాభమూ, మిగిలిపోయిన ఒక్కోదాని మీద వచ్చే నష్టమూ సమానంగా 40. అందువల్ల మీరు ఆశించే అమ్మకానికి మించి తయారుచేయడంలో అర్థం లేదు, మిగులు విలువ తగ్గేకొద్దీ అంతకంటే తక్కువే చేయాలి. తర్వాత ఎప్పుడైనా పండుగ వైపు వెళ్లాలనుకుంటే నమూనా చూపించి ముందస్తు ఆర్డర్లు తీసుకోండి. పండుగ పేరు, సంవత్సరం ముద్రించని వస్తువులే చేయండి, ఎందుకంటే అవి మరుసటి సందర్భానికి కూడా పనికొస్తాయి. ఆఫీసులో మీ కింద పనిచేసేవారికి మాత్రం అమ్మకండి. వారు అవసరం కోసం కాక మొహమాటానికి కొంటారు, దాన్ని అమ్మకాల లెక్కలో నమ్మకూడదు.

ఇప్పుడు గిఫ్టు ప్యాకింగ్ ఆర్డరును మొదటి నుంచి చివరి వరకు లెక్క వేసి చూద్దాం. 150 ప్యాకెట్ల ఆర్డరు వచ్చిందనుకోండి. ఒప్పుకునే ముందే పది ప్యాకెట్లు నిజంగా తయారుచేసి గడియారం పెట్టి చూడండి. పెట్టె మడవడం, వస్తువు పరిశీలించి లోపల పెట్టడం, రిబ్బన్ కట్టడం, పేరు చీటీ అతికించడం అన్నీ కలిపి ఒక్కోదానికి 8 నిమిషాలు పట్టిందంటే 150కి 20 గంటలు. కొత్తగా మొదలుపెట్టేవారు ఇక్కడితో లెక్క ఆపేస్తారు. సరుకు కొనడానికి, నమూనా చూపించి మాట్లాడడానికి, చేరవేయడానికి మరో 8 గంటలు కలిపితే మొత్తం 28 అవుతుంది. పని రోజుల్లో నాలుగు సాయంత్రాలు గంటన్నర చొప్పున, సెలవు రోజున 5 గంటలు కేటాయించగలిగితే మీకు వారానికి 11 గంటలు దొరుకుతాయి. అంటే ఒక ఆర్డరుకు రెండున్నర వారాలు. ఎనిమిది వారాల సీజన్‌లో మూడు ఆర్డర్లు పడతాయని కాగితం మీద తేలినా, ఆఫీసులో అదనపు పని పడే వారం ఒకటైనా ఉంటుంది కనుక రెండే ఒప్పుకోండి. మీ భార్య గంటలను అదనపు సామర్థ్యంగా కాకుండా ఆలస్యాన్ని పూడ్చే నిల్వగా ఉంచుకోవడం మంచిది.

స్థలం కూడా కొలవాలి. 20 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టె 4 లీటర్ల చోటు తీసుకుంటుంది. అలాంటివి 150 అంటే 600 లీటర్లు, పదిహేనేసి పట్టే పెద్ద అట్టపెట్టెలు పది కావాలి. తేమ తగలని చోట వాటిని పెట్టే వీలుందో లేదో చూసుకున్నాకే మాట ఇవ్వండి. పెట్టెలను మడవకుండా చదునుగా ఉన్న స్థితిలోనే తెచ్చుకుంటే, ప్యాకింగ్ మొదలయ్యేవరకు స్థలం పెద్దగా అవసరం ఉండదు.

డబ్బు విషయంలో ఒక నియమాన్ని సడలించకండి. ధరలో సరుకు ఖర్చు 60 శాతమైతే కనీసం 60 శాతం అడ్వాన్సు అందాకే కొనుగోలు మొదలుపెట్టాలి, మిగతాది సరుకు అప్పగించే ముందు తీసుకోవాలి. అడ్వాన్సు ఇవ్వడానికి పదేపదే గడువు అడిగే వారు చివరి చెల్లింపుకూ అలాగే అడుగుతారు. అతిథుల సంఖ్య పెరగడం, తగ్గడం మామూలే కనుక, పెళ్లికి 15 రోజుల ముందు ఆఖరి సంఖ్య రాతపూర్వకంగా ఖాయం చేయమని, ఆ తర్వాత తగ్గినా ధర తగ్గదని ముందే చెప్పండి. వధూవరుల పేర్లు, తేదీ ముద్రించిన చీటీలు మరొకరికి పనికిరావు. కాబట్టి ముద్రణకు ముందు అక్షరాలు సరిచూసి ఒప్పుకున్నట్లు మెసేజ్ తీసుకోండి. ముద్రణ అయ్యాక పెళ్లి వాయిదా పడినా సరుకు కోసం తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వనవసరం లేదన్న మాట కూడా అందులోనే ఉండాలి.

కొనుగోలులో తరచుగా జరిగే పొరపాటు, రిబ్బన్, కాగితం రెండు విడతలుగా తేవడం. ఒకే రంగు పేరున్నా వేర్వేరు విడతల్లో అద్దిన రిబ్బన్ ఛాయ కొంచెం తేడాగా ఉండవచ్చు, పక్కపక్కన పెట్టినప్పుడే అది కనిపిస్తుంది. అందుకే పగిలేవి, చిరిగేవి లెక్కలోకి వచ్చేలా 5 శాతం అదనంగా, అంటే 150కి 158 చొప్పున ఒకేసారి కొనండి. సీజన్ ముదిరాక సరఫరాదారుల దగ్గర కోరిన పెట్టెలు దొరకవు, కనుక ఆర్డరు ఖాయమైన వారంలోనే ఈ పని ముగించాలి.

పని వెనకబడిందని చివరి వారంలో తెలిస్తే ఉపయోగం లేదు. మొదటి వారం చివరికి 50 ప్యాకెట్లు కాకపోతే వెంటనే గంటకు కూలి ఇచ్చి ఒక మనిషిని పెట్టుకోండి. ఆఫీసుకు సెలవు పెట్టి పూడ్చుకోవడం మొదలైతే ఆ ఆర్డరు మీ శక్తికి మించినదని అర్థం.

ఇదంతా మొదలుపెట్టే ముందు మీ నియామక పత్రం, ఉద్యోగ నియమావళి చదవండి. చాలా సంస్థలు, ముఖ్యంగా ప్రభుత్వ సంస్థలు, బయట ఆదాయం వచ్చే పనికి ముందస్తు అనుమతి అడుగుతాయి. భార్య పేరు మీద పెట్టినంత మాత్రాన ఆ నియమం వర్తించదని అనుకోకండి, కుటుంబ సభ్యుల వ్యాపారాన్ని కూడా తెలియజేయమనే నియమాలు ఉంటాయి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరిస్తే పన్ను లెక్క చూపించేటప్పుడు జీతంతో కలిసి గందరగోళం కాదు.

మొదటి ఆర్డరు ముగిశాక లాభాన్ని గంటలతో భాగించండి. పై ఉదాహరణలో ప్యాకెట్ ధర 100, సరుకు ఖర్చు 60 అనుకుంటే, 150 ప్యాకెట్ల మీద నలభయ్యేసి చొప్పున 6000, అదనంగా కొన్న 8 సెట్ల ఖర్చు 480 పోగా 5520, అంటే సుమారు 55 ప్యాకెట్ల ధర మిగిలింది. 28 గంటలకు పంచితే గంటకు దాదాపు రెండు ప్యాకెట్ల ధర. రవాణా, కూలి అయితే అవి కూడా ఇందులోంచి తీసేయండి. అది మీ జీతంలో ఒక గంటకు పడే మొత్తం కంటే తక్కువైతే, రెండో ఆర్డరుకు ముందు ధర పెంచండి లేదా 8 నిమిషాల పనిని 6 నిమిషాలకు తగ్గించే సులువైన ప్యాకింగ్ ఎంచుకోండి.