ఐఈఎల్‌టీఎస్ ఎస్సేలో గ్రామర్ రేంజ్ ఎలా చూపించాలి?

ప్రశ్న: టాస్క్ 2లో కాంప్లెక్స్ సెంటెన్సులు రాస్తే తప్పులొస్తున్నాయి, సింపుల్‌గా రాస్తే రేంజ్ లేదంటున్నారు, ఏం చేయాలి?

రేంజ్ అంటే కష్టమైన వాక్యాలు కాదండి, రకరకాల వాక్యాలు. బ్యాండ్ 7కి కాంప్లెక్స్ వాక్యాల్లో వెరైటీ ఎంత ముఖ్యమో తప్పుల్లేని వాక్యాలు తరచుగా కనిపించడం కూడా అంతే ముఖ్యం, కాబట్టి ఇఫ్, బికాజ్, విచ్ లాంటి మీకు బాగా అలవాటైనవాటితోనే మార్చి మార్చి రాయండి.

చాలామంది దెబ్బతినేది "నాట్ ఓన్లీ" దగ్గర. దాంతో వాక్యం మొదలుపెట్టి "నాట్ ఓన్లీ పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ రెడ్యూసెస్ ట్రాఫిక్" అని రాసేస్తారు, కానీ అలా మొదలుపెడితే "నాట్ ఓన్లీ డజ్ పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ రెడ్యూస్ ట్రాఫిక్" అని రావాలి, డజ్ ముందుకొచ్చి వెర్బ్ చివర ఎస్ పోవాలి. పరీక్ష కంగారులో ఇది గుర్తుండదు. దాన్నే వాక్యం మధ్యలోకి తెచ్చేయండి: "పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ నాట్ ఓన్లీ రెడ్యూసెస్ ట్రాఫిక్ బట్ ఆల్సో సేవ్స్ మనీ". ఇక్కడ మామూలు వరసే, తిప్పడాలేం ఉండవు.

చివర్లో చెక్ చేసేటప్పుడు "ఆల్దో" కనబడితే అదే వాక్యంలో "బట్" కూడా పెట్టారేమో చూసి కొట్టేయండి, మనవాళ్లు ఈ తప్పు ఎక్కువగా చేస్తారు. అలాగే "పీపుల్ హూ లివ్ ఇన్ సిటీస్" తర్వాత మళ్లీ "దే" వద్దు, నేరుగా "ఫేస్ పొల్యూషన్" అనేయండి.